చెప్పి తీసేసిన స్నేహితుడు

వాకిలికి వచ్చినవాణ్ణి పొమ్మనడం మా ఇంట్లో లేదు. భూములు పోయాయి, ఆ వాకిలి కూడా పోయింది, బస్టాండు దగ్గర నాకొక జిరాక్స్ దుకాణం మిగిలింది. అలవాటు మాత్రం పోలేదు. అందుకే ఫోన్లో ఎవరు స్నేహం అడిగినా ఒప్పుకున్నాను. అలా రెండు వేల మంది పోగయ్యారు. చాలామందికి ముఖాలుండవు, గులాబీ పువ్వులుంటాయి.

బోరంచ నల్లపోచమ్మ గుడి దగ్గర తీసిన మా అమ్మాయి ఫోటో పెట్టాను. వారం తిరక్కుండానే ఒక గులాబీ పువ్వు దాని కింద రాయకూడని మాట రాసింది. తర్వాత నేరుగా అమ్మాయికే సందేశాలు పంపడం మొదలుపెట్టింది. హైదరాబాద్‌లో చదువుకుంటున్న అమ్మాయి ఫోన్ చేసింది.

“బాపూ, ఆదివారం లోపల నీ లిస్టు సాఫ్ చెయ్యి. లేకుంటె నేనే నిన్ను తీసేస్త.”

“పోస్టులకు తాళమేస్తె సరిపోదా?”

“తాళమేస్తె లిస్టుల ఉన్నోళ్లు లోపట్నే ఉంటరు గద. ముందుగాల ఆళ్లను పంపు. అటెన్క పాత పోస్టులన్ని దోస్తులకే కనవడేటట్టు చెయ్యి. మనింటి ఆల్బం ఎవ్వరికి చూపియ్యవో ఆళ్లంత బయటికే.”

ఉన్న ఒక్క కూతురు నన్ను తీసేస్తాననడం మామూలు మాట కాదు. ఆ సాయంత్రమే కూర్చున్నాను. కానీ గులాబీల కంటే ముందు నాకు గుర్తొచ్చింది బజారులో బట్టలు కుట్టే మా బడి స్నేహితుడు. మనిషి మంచివాడే. అయితే అతని ఫోను ఎప్పుడూ మిషను మీదే తెరిచి ఉంటుంది. జాకెట్ల కోసం, ప్యాంట్ల కోసం వచ్చి కూర్చున్నవాళ్లంతా అందులో వేలు పెట్టి జరుపుతూ ఉంటారు. మా ఆల్బం అక్కడ పెట్టలేను.

మా ఇంట్లో పెళ్లి పిలుపుల జాబితాలోంచి ఒక పేరు కొట్టేయాల్సి వస్తే, పెద్దవాడు వెళ్లి ఎదురుగా కారణం చెప్పి వచ్చేవాడు. చాటుగా కొట్టేయడం నామర్దా. కనుక నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని అతని దుకాణానికి వెళ్లి, నిలబడే చెప్పాను.

“నిన్ను ఫోన్లకెళ్లి తీసేస్తున్న. మనసుల పెట్టుకోకు.”

అతను సూదిలో దారం ఎక్కిస్తూ నవ్వాడు. అవసరానికి మించే నవ్వాడనిపించింది.

“గిది చెప్పనీకె వచ్చినవా దొరా? కూసో, చాయ్ తాగు. తీసేసినోనికి చాయ్ వొయ్యొద్దని ఏం లేదు.”

మర్నాటికి బజారంతా తెలిసిపోయింది. జిరాక్సుకు వచ్చిన రిటైర్డు పంతులు కాగితాలివ్వకుండా “నేనున్ననా, పొయిన్నా?” అని అడిగాడు. కంగ్టి బస్సు కండక్టరు మెట్టు మీద నిలబడే “నా పేరు గూడ కొట్టేసినవంట గద” అని కేకేశాడు. అందరికీ “ఉన్నవ్, ఉన్నవ్” అని మాటిచ్చాను. శుక్రవారానికి లిస్టులోంచి పోయినవాడు ఒక్కడూ లేడు.

అమ్మాయికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

“తీసేస్తె ఎవ్వరికి కబురు పోదు బాపూ. నువ్వే ఊరంత చాటింపేసినవ్. తెల్వనోళ్లను సప్పుడు చెయ్యకుండ తియ్యి. మొకమాటమున్నోళ్లను రిస్ట్రిక్టెడ్‌ల వెయ్యి. దోస్తులు లెక్కనే ఉంటరు, అందరికి పెట్టిందే కనవడతది, దోస్తులకు పెట్టింది కనవడదు. ఆళ్లకు ఎర్కగాదు.”

అంటే అరుగు మీద కూర్చోబెట్టి మర్యాద చేయడం, నడింట్లోకి పిలవకపోవడం. ఇది మా తాతకు బాగా తెలిసిన విద్య. శనివారమంతా దుకాణంలో అదే పని చేశాను. గులాబీలన్నీ రాలిపోయాయి. పంతులు, కండక్టరు అరుగు మీదకు చేరారు, ఇచ్చిన మాట తప్పకుండానే.

చివరికి బట్టలు కుట్టే స్నేహితుని పేరు వెతికాను. లిస్టులో లేదు. మళ్లీ వెతికాను. అతని పేజీ తెరిస్తే, స్నేహం అడగమని నాకే మీట చూపిస్తోంది.

ఈసారి ఇస్త్రీ చొక్కా వేసుకోలేదు. “నువ్వు నన్నెప్పుడు తీసేసినవ్?” అన్నాను.

“రెండేండ్లాయె,” అన్నాడు కత్తెర ఆపకుండా. “మీ తాత గుర్రం ఫోటో దినాం పెడ్తుంటివి. ఎన్నిసార్లు సూడాలె? చెప్తె బాదపడ్తవని చెప్పలే.”

ఆ రెండేళ్లూ రోజూ అతని దగ్గరే చాయ్ తాగాను. ఏ రోజూ తేడా తెలియలేదు. మా తాత కంటే ఇతనికే మర్యాద ఎక్కువ తెలుసేమోనని మొదటిసారి అనుమానం వచ్చింది.

ఆదివారం పొద్దున పాత పోస్టులన్నీ స్నేహితులకు మాత్రమే కనబడేలా మార్చాను. తాత గుర్రం కూడా లోపలికి వెళ్లిపోయింది. అమ్మాయి చూసి ఫోన్ చేసింది.

“మంచిగైంది బాపూ. ఇగ నువ్వు ఉండొచ్చు.”

ఒక కూతురు తండ్రికి అనుమతిస్తే ఇంత సంతోషంగా ఉంటుందని నాకు తెలియదు. ఆ ఊపులోనే, ఒప్పుకుంటే అతన్నీ అరుగు మీద కూర్చోబెట్టొచ్చని, బట్టలు కుట్టే స్నేహితుడికి రిక్వెస్టు పంపాను. అడగడం మా వంశంలో లేదు. ఫోను అతని మిషను మీదే తెరిచి ఉంటుంది కాబట్టి చూసే ఉంటాడు. ఇంకా ఒప్పుకోలేదు. చాయ్ మాత్రం పోస్తున్నాడు.