సుబ్బక్కకు నేను చెప్పని కబురు

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక కార్తీక పౌర్ణమికి మా అవ్వ ఎద్దులబండి కట్టించి మమ్మల్ని మైపాడు సముద్రస్నానానికి తీసుకుపోయింది... నన్నూ, మా పెద్దమ్మ కూతురు సుబ్బక్కనూ. సముద్రాన్ని నేను చూడటం అదే మొదలు. ఇక ఇంటికి పోకూడదు అనిపించింది.

అక్కకు అప్పుడు పన్నెండేళ్లు. తండ్రి లేడు. జబ్బుపడ్డ పెద్దమ్మా, అక్కా మా ఇంట్లోనే ఉండేవాళ్లు. ఆ రోజు పెద్దమ్మకు తోడుగా మా అమ్మ ఇంట్లో ఉండిపోయింది.

మొన్న కార్తీకంలో అదే మైపాడుకు మళ్లీ ఇద్దరం కలిసి పోయాం... ఈసారి బస్సులో. నాకు అరవై ఆరు, అక్కకు అరవై తొమ్మిది. మా ఊరి రిటైర్డు మాస్టారు ఒకాయన ఏటా బస్సు మాట్లాడతారు. పొద్దున్నే మైపాడులో స్నానం, నెల్లూరు మీదుగా జొన్నవాడ కామాక్షమ్మ దర్శనం, పొద్దుగూకేలోపు ఇల్లు. వాంతులయ్యేవాళ్లకు కిటికీ పక్క, మోకాళ్ల నొప్పులవాళ్లకు ముందు సీట్లు. లెక్క తప్పకుండా ఉండాలని ఆయన మనుషుల్ని జతలు కట్టేస్తారు. ఆగిన ప్రతిచోటా "మీ జత ఎక్కిందా?" అని అడిగిగానీ బండి కదలనివ్వరు.

నాకు జత సుబ్బక్క.

నాకు వాంతులు, అక్కకు మోకాళ్లు. అయినా కిటికీ అక్కదే... నేను నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చున్నాను. అక్క ఉపవాసం. ఊరు దాటేలోపే రెండు అరటిపండ్లు తిన్నది. పండు తింటే ఉపవాసం పోదన్నది. వేయించిన వేరుశనగలు తిన్నది, అవీ పోవన్నది. మైపాడులో టీ తాగుతుంటే మాస్టారు ఆమె వైపే చూస్తూ నిలబడ్డారు. "పాలే కదయ్యా" అన్నది.

స్నానాలు బాగానే జరిగాయి. అలకు కాళ్లు తేలిపోతాయని ఇద్దరం కొంగులు ముడేసుకుని, చేతులు పట్టుకుని మూడు మునకలు వేశాం. చీరలు మార్చుకుని, తడిబట్టలు పిండి కిటికీ కడ్డీలకు కట్టాం. బస్సంతా నీళ్లు కారుతోంది. అందరూ నవ్వుకుంటున్నారు.

అప్పుడు వెనక సీటామె, మీరెప్పుడైనా ఇంతకుముందు ఇక్కడికి వచ్చారా అని అక్కను అడిగింది.

వచ్చానని చెప్పింది అక్క. తాను సముద్రంలో ఆడుకుంటుంటే ఇంటి దగ్గర తల్లి తన పేరే పలవరిస్తూ పోయిందనీ, కబురు పెట్టడానికి మా అమ్మకు మనసు రాలేదనీ చెప్పింది. ఆ కోపంతోనే, మా అమ్మ పోయినప్పుడు చూడటానికి కూడా పోలేదనీ చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. ఇన్నేళ్లుగా ఈ మాట ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని కర్మాంతరాల్లో విన్నానో... విన్న ప్రతిసారీ తలవంచుకునేదాన్ని.

ఈసారి వంచుకోలేకపోయాను.

"అమ్మ కబురు పెట్టింది అక్కా" అన్నాను. "పక్కింటి చెంచయ్య సైకిలేసుకుని వచ్చినాడు. ఒడ్డున నేనే కనపడినా. పెద్దమ్మకు బాగలేదంట, అక్కను, అవ్వను వెంటనే బండెక్కమను అని నాతో చెప్పి, డాక్టరు కోసం అటునుంచి అటే నెల్లూరికి పోయినాడు. చెప్తే బండి కట్టేస్తారని... నేను చెప్పలేదు."

ఆనాడు సాయంత్రం మేం ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. పాపతో చెప్పానని చెంచయ్య అంటుంటే మా అమ్మ ఒక్కసారి నా మొహంలోకి చూసింది. ఆయన్ని ఇక నోరెత్తనివ్వలేదు. అక్క ఏడుస్తూ అడిగితే, పండగపూట బిడ్డల్ని భయపెట్టడమెందుకని నేనే ఎవరినీ పంపలేదు అన్నది. చచ్చిపోయేదాకా ఆ మాట మార్చలేదు. నన్నొక్కనాడూ ఏమీ అనలేదు.

అక్క సంచీ తీసుకుని, కడ్డీలు పట్టుకుంటూ, ఆ మోకాళ్లతోనే వెనక బెంచీకి పోయి కూర్చున్నది.

నెల్లూరులో బండి ఆగినప్పుడు మాస్టారు నా దగ్గరికి వచ్చి జత ఏదని అడిగారు. వెనక్కి చూపించాను. సీట్లు మారితే నా లిస్టు ఏం కావాలమ్మా అని విసుక్కున్నారు. కిటికీ దొరికింది కదా అని ఎవరో నవ్వారు. ఖాళీ అయిన ఆ కిటికీ పక్కకు నేను జరగలేకపోయాను.

జొన్నవాడలో దర్శనం లైన్లో అక్క నాకు పదిమంది ముందు నిలబడింది. తర్వాత పెన్న ఒడ్డున ఆడవాళ్లంతా అరటిదొప్పల్లో దీపాలు వదులుతున్నారు. నేను వెనక మెట్టు మీద ఆగిపోయాను. అక్క తల్లి పేరు చెప్పుకుని ఒక దీపం వదిలింది. తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాపింది.

"ఇంకో దొప్ప ఇయ్యి మే."

ఇచ్చాను. నూనె పోయబోతే నా చెయ్యి తోసేసింది. తనే వత్తి వేసి, వెలిగించి, మా అమ్మ పేరు చెప్పి నీళ్లలోకి నెట్టింది.

అప్పుడన్నది... "పిన్ని ఆఖర్లో నాకు రెండుసార్లు కబురు పెట్టింది. రెండుసార్లూ నాకు అందింది. నేనే పోలేదు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మెట్లెక్కడానికి నేను చెయ్యి ఇస్తే పట్టుకోలేదు. వెనక బెంచీలోనే కూర్చుని ఊరికి వచ్చింది. దిగేటప్పుడు పోతున్నానని కూడా చెప్పలేదు.

నెల దాటింది. ఒకప్పుడు కబురు చేరాలంటే మధ్యలో ఒక మనిషి ఉండేవాడు, ఆలస్యమైతే ఆ మనిషిని తిట్టుకునేవాళ్లం. ఇప్పుడు అక్కకూ నాకూ మధ్య ఎవరూ లేరు. రోజూ సాయంత్రం ఫోను చేతిలోకి తీసుకుంటాను, అక్క పేరు చూసి పక్కన పెట్టేస్తాను...

మీ ఇళ్లలో కూడా ఇలా ఒకరు చేసినదానికి ఇంకొకరు చచ్చిపోయేదాకా మాట పడ్డారా? తెలిస్తే చెప్పండి... ఆ తర్వాత మిగిలినవాళ్లు మళ్లీ ఎలా మాట్లాడుకున్నారో కూడా చెప్పండి.