“బాగానే ఉన్నానండి” అన్న ఒక్క మాట

తుంటి ఆపరేషనైన మూడో రోజున, రాజమండ్రి ఆసుపత్రిలో వార్డు డాక్టరు మా అక్కకు డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు అని తేల్చేశారు.

“డెబ్బై ఎనిమిదేళ్లు కదండీ. ఇంట్లో ఎప్పుడో మొదలై ఉంటుంది, మీరు గమనించి ఉండరు.”

గమనించకపోవడమా? కొవ్వూరులో అక్క నా ఇంట్లోనే ఉంటుంది. ఆమె బీపీ, మందులు, నిద్ర ఏడేళ్లుగా నోటుబుక్కులో రాస్తున్నాను. జారిపడిన రోజు ఉదయం కూడా, అన్నవరం వ్రతానికి నేను ఎంచిన తేదీ ఏకాదశి కాదని పంచాంగం తెరిచి దిద్దింది. నెలల తరబడి మెల్లగా కమ్మే జబ్బు మూడు రోజుల్లో ఎక్కడి నుంచి ఊడిపడింది?

రోజూ తొమ్మిదింటికి రౌండ్లు. “ఎలా ఉన్నారమ్మా?” అంటే, “బాగానే ఉన్నానండి. మీరు కాఫీ తాగారా?” అనేది అక్క. అది జీవితమంతా అలవాటైన మర్యాద. డాక్టరు నవ్వి వెళ్లిపోయేవారు. ఇంకేదైనా అడిగితే, పెద్దావిడను కష్టపెట్టడమెందుకని నేనే జవాబు చెప్పేవాణ్ని.

“పక్క బెడ్డాయన సెలైన్ పీకేస్తున్నారండి. మీ అక్కగారు బంగారం, కదలరు,” అంది నర్సు. కదలకపోవడమే జబ్బని ఎవరికీ తట్టలేదు.

నా పుస్తకంలో ఆ మూడో రోజు ఇలా ఉంది: పదకొండు గంటలు, పిలిస్తే కళ్లు తెరిచి మూసింది. రెండు, దుప్పటి మీద లేని చీమలు ఏరింది. నాలుగు, నన్ను గుర్తుపట్టింది. ఐదు, నన్ను “నాన్నా” అంది.

జ్ఞాపకశక్తి మాత్రలు రాసి డిశ్చార్జి కాగితం తెచ్చారు. సంతకం పెట్టనన్నాను. ఫిజీషియన్‌ను పిలిస్తేనే మాట్లాడతానన్నాను.

మర్నాడు వచ్చిన డాక్టరమ్మ నిలబడే నా పుస్తకం చదివింది. “బాబాయిగారూ, మీరు కాసేపు మాట్లాడకండి,” అని, అక్కను ఆదివారం నుంచి వారాలు వెనక్కి చెప్పమంది.

“ఆదివారం, శనివారం...” అక్క ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయింది. “మీరు కాఫీ తాగారా?”

“డిమెన్షియా మొదట్లో మనిషి మెలకువగానే ఉంటారండి, మాట మీద ధ్యాస నిలుస్తుంది. ఇది హఠాత్తుగా వచ్చింది, గంటగంటకీ మారుతోంది, ధ్యాస నిలవడం లేదు. ఇది డెలిరియం, అంటే తాత్కాలికంగా మతి తప్పడం. కారణం వెతకాలి,” అంది డాక్టరమ్మ.

రక్తపరీక్షలు రాసి, పొట్ట నొక్కి చూసింది. మూత్రాశయం నిండిపోయి ఉంది. మందుల చీటీలో దురదకని ఇచ్చిన మాత్ర చూపించింది. “ఇది మత్తూ ఇస్తుంది, మూత్రాన్నీ ఆపుతుంది.” మాత్ర మానిపించి, గొట్టం వేయించింది.

నాలుగు రోజులకు అక్క వారాలన్నీ వెనక్కి చెప్పింది. డిశ్చార్జి కాగితంలో మాత్రం డిమెన్షియా అలాగే ఉంది. “కంప్యూటర్‌లో ఎక్కేసిందండి,” అన్నారు కౌంటర్‌లో. రేపు ఏ ఆసుపత్రికి వెళ్లినా ఆ ఒక్క పదం చదివి ఇక ఆమెను ఎవరూ ఏమీ అడగరు. తీసేదాకా కుర్చీలోంచి లేవనన్నాను. తీసేశారు.

దారిలో అక్క అంది, “నన్నడిగితే నువ్వెందుకురా చెప్పావు?”

ఇంటికొచ్చి ఆ ప్రశ్నను కూడా పుస్తకంలో రాశాను.