ప్లాస్టిక్ విప్పని సోఫా

తోంటదార్య గారింట్లో సోఫా మీద కూర్చోవాలంటే ధైర్యం ఉండాలి. కంపెనీ చుట్టి పంపిన ప్లాస్టిక్ మీద ఆయన ఇంకో మందపాటి ప్లాస్టిక్ వేయించి, అంచులన్నీ టేపుతో బిగించారు. కూర్చున్నవాడు కూర్చున్నట్టు ఉండడు, జారతాడు. వాళ్ల బంధువొకాయన ఓసారి పట్టు పంచెతో వచ్చి కూర్చుని, అలాగే జారుకుంటూ గడప దాటి, మాగడి రోడ్డెక్కి, ఎదురుగా సిటీ బస్సు వస్తే గానీ ఆగలేదట. నేను కళ్లారా చూడలేదు. కానీ చెబుతున్నది నేను కాబట్టి నిజమే అనుకోండి.

ఆ సోఫాని ఆ ఇంట్లోకి మోసింది కూడా నేనే. బెంగళూరులో ఇంటి సామాన్లు అద్దెకిచ్చే ఒక కంపెనీ బండి మీద పని నాది. నాలుగు తలుపుల బీరువాని, పిల్లి కూడా పక్కకి తిరిగి ఎక్కే మెట్ల మీదుగా మూడో అంతస్తుకి చేర్చిన రేవణ అంటే ఈ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. ఒకరిద్దరు ఉన్నారేమో, వాళ్లకి సామాన్లు లేవు.

తోంటదార్య గారు నాకు అంతకు ముందే తెలుసు. నేను చదువు మధ్యలో వదిలేసిన పాలిటెక్నిక్‌లో ఆయన కెమిస్ట్రీ ల్యాబు అటెండరు. గాజు సామాను ఎవరు పగలగొట్టినా డిపాజిట్టులోంచి కోయించే మనిషి. పిప్పెట్టు మన చేతిలోంచి జారితే, అది నేలకి తగిలేలోగా మన పేరు రాసేసేవారు. నేను కాలేజీకి దండం పెట్టి బయటికొచ్చిన రోజు డిపాజిట్టు తిరిగిస్తారేమోనని వెళితే, నేనే కాలేజీకి బాకీ ఉన్నానని తేలింది.

అలాంటి మనిషి ఉద్యోగం అయిపోగానే క్వార్టర్సు ఖాళీ చేసి, సుంకదకట్టెలో కింది వాటా ఒకటి అద్దెకి తీసుకున్నారు. ఆయన భార్య హొన్నమ్మ గారికి మోకాళ్లు పోయాయి. నేల మీద కూర్చుంటే లేవలేరు, ఇనప కుర్చీలో కూర్చుంటే నడుం పట్టేస్తుంది. ఓసారి డాక్టరు దగ్గర మెత్తటి సోఫాలో కూర్చున్నారట. తన నంబరు రెండుసార్లు పిలిచినా లేవలేదట. "డాక్టరు అక్కర్లేదు, ఇది చాలు" అన్నారట. కొత్త సోఫా కొనే డబ్బు లేదు. అద్దెకి తీసుకుని, గడువయ్యాక తక్కువ ధరకి కొనేసుకోవచ్చని ఎవరో చెబితే ఆయన మా కంపెనీకి వచ్చారు. ఎలాగైనా ఆ సోఫా చివరికి తమదైపోవాలి. మొగుడూ పెళ్లాలిద్దరి ఆశా అదొక్కటే.

దింపిన రోజు నేను ప్లాస్టిక్ విప్పబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"ముట్టుకోకు. నీ చేతుల సంగతి నాకు తెలీదా?"

"సార్, విప్పకపోతే అమ్మ ఎలా కూచుంటారు?"

"దాని మీదే కూచుంటుంది. అగ్రిమెంటు చదివావా నువ్వు?"

"మోసేవాణ్ణి సార్, చదివేవాణ్ణి కాదు."

"అందుకే ఇలా ఉన్నావు" అని ఆయన కళ్లద్దాలు పెట్టుకుని కాగితాలు తీశారు. మా కంపెనీ యాప్‌లో వచ్చినదంతా ప్రింటు తీయించి, అడుగున గీతలు గీసి పెట్టుకున్నారు. ఆయన రెండేళ్ల గడువు ఎంచుకున్నారు. ఏడాది గడువుకన్నా నెలవారీ అద్దె తక్కువ పడుతుంది. మధ్యలో వదిలేస్తే మాత్రం, వాడుకున్న నెలలన్నిటికీ ఎక్కువ అద్దె లెక్కగట్టి ఆ తేడా వసూలు చేస్తారు. చిన్నచిన్న గీతలకీ మరకలకీ డ్యామేజీ మాఫీ ఉంది, దానికి నెలనెలా కొంచెం రుసుము. ఆ రుసుమూ కడుతున్నారు. నీళ్ల వల్లో, బూజు వల్లో, చెదల వల్లో పాడైతే మాత్రం మాఫీ లేదు, సోఫా ఖరీదు దాకా వసూలు చేస్తారు. ఆ వాక్యం కింద రెండు గీతలు గీశారు.

చివర్లో వాడే పద్ధతి గురించి ఒక పేజీ ఉంది. ప్యాకింగు విప్పాలి, గాలి తగిలేలా ఉంచాలి, గోడకి ఆనించకూడదు అని. దాని కింద ఒక్క గీత లేదు.

"ఈ పేజీ చదవలేదా సార్?"

"అందులో రూపాయి అంకె ఒక్కటైనా ఉందా? అది సలహారా. సలహాకి జరిమానా ఉండదు."

హొన్నమ్మ గారు గుమ్మంలో నిలబడి నవ్వారు. "రెండేళ్లు ఓర్చుకుంటా నాయనా. ఆ తర్వాత మనదవుతుంది. అప్పుడు గుడ్డ మీద కూచుంటా."

ఏడాదికోసారి సోఫా ఉచితంగా శుభ్రం చేసే ఏర్పాటు మా కంపెనీలో ఉంది. మనుషులు మిషను పట్టుకుని వెళితే తోంటదార్య గారు గేటు తియ్యలేదు. శుభ్రం చేయాలంటే ప్లాస్టిక్ విప్పాలి. "మట్టే పడనిదానికి స్నానమేంటి?" అని పంపేశారట. వాళ్లు వచ్చి నాకు చెబితే కడుపు పట్టుకుని నవ్వాను.

మొదటి వానాకాలం అయ్యాక ఆ వీధిలో ఫ్రిజ్ దింపడానికి వెళ్లి, కాఫీ కోసం వాళ్లింట్లో దూరాను. సోఫా వెనక గోడ అడుగున చెమ్మెక్కి సున్నం ఉబ్బింది. హొన్నమ్మ గారు కుర్చీలోనే కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నారు.

"సోఫాలో కూచోరా అమ్మా?"

"చెమట పట్టి అతుక్కుపోతుంది. పైగా ఏదో ముక్కిన వాసన. నాలుగైదు నెలలుగా చెబుతున్నా, ఈయనకి ముక్కు లేదు."

"ముక్కుంది, లెక్క కూడా ఉంది" అన్నారాయన. "ఇప్పుడు తిరిగిచ్చేస్తే ఎంత కట్టాలో చూశా. ఆ డబ్బుతో ఇంకో ఎనిమిది నెలలు అద్దె కట్టొచ్చు. గోడలోంచి నీళ్లొస్తున్నాయి గనక ఇంకో చుట్టు ప్లాస్టిక్ వేయించా. నీళ్లకి మాఫీ లేదని అగ్రిమెంటులో ఉంది."

"సార్, లోపల గాలాడక..."

"నువ్వు ల్యాబులో ఇలాగే చెప్పేవాడివి. నీ మాట విని ఎన్ని బీకర్లు పోయాయో."

ఆ మాట నిజమే. వాదనలో ఆయన్ని గెలిచినవాడు ఆ కాలేజీలో లేడు, ప్రిన్సిపాలుతో సహా. కాఫీ తాగి వచ్చేశాను.

గడువు ముగిసిన నెలలో, సోఫా వెనక్కి తెమ్మని ఆ చిరునామాతోనే నాకు పని వచ్చింది. ఆశ్చర్యపోతూ వెళ్లాను. వీధి గుమ్మం దగ్గరే ఆయన గుసగుసలాడారు.

"నిజంగా ఇవ్వడం లేదురా. కొనాలంటే యాప్ ఎనిమిది వేలు అడిగింది. వెనక్కి తీసుకెళ్లండి అని నొక్కితే వాళ్లే ఫోను చేసి తగ్గిస్తారట. అందరూ చేస్తున్నదే. నువ్వు ఫోటోలు తీసుకో, బాగుందని రాయి, మిగతాది నేను బేరమాడతా."

"ఫోటో తియ్యాలంటే విప్పాలి సార్."

"విప్పు. ఇవాళ విప్పొచ్చు."

హొన్నమ్మ గారు మంచి చీర కట్టుకుని ఉన్నారు. చేతికి కత్తెర అందించిందీ ఆవిడే. నేను టేపు కోశాను. మొదటి పొర వచ్చింది, రెండోది వచ్చింది. మూడోది లాగుతుంటే గుడ్డ కూడా దాంతో పాటు లేచింది. నీలం రంగు సోఫా నాకు గుర్తుంది. లోపల ఉన్నది నీలం కాదు. నల్లటి బూజు సోఫా చేతుల మీద, వీపు మీద, కుట్ల వెంట పాకి ఉంది. వెనక చెక్క తడి బిస్కెట్టులా ఉబ్బి పొరలు విడిపోయింది. ఆ వాసనకి నేను కిటికీ దగ్గరికి వెళ్లాను. ఎన్నో ఇళ్లలో ఎన్నో చూశాను, కుక్కలు సగం తిన్న పరుపులు కూడా మోశాను. కానీ ఒక్కసారి కూడా ఎవరూ సరిగ్గా కూర్చోకుండానే కుళ్లిపోయిన సోఫాని చూడలేదు.

ఆయన వంగి ఒక్కో చోటా వేలితో తుడిచి చూశారు. "ఇది తుడిస్తే పోతుంది" అన్నారు. తుడిచారు. పోలేదు.

"ఫోటోలు తియ్యకు."

"తియ్యకపోతే పని ముగియదు సార్. తీసుకెళ్తే అక్కడ గోడౌన్‌లో వాళ్లే తీస్తారు."

తీసి పంపాను. కాసేపటికి మా ఆఫీసు నుంచి నిరుపమ మేడమ్ ఫోను చేసింది. స్పీకరులో పెట్టాను.

"సర్, బూజు, తేమ డ్యామేజీ కనబడుతోంది. మాఫీలోకి రాదు. తిరిగి తీసుకుంటే పద్నాలుగు వేలు పడుతుంది. డిపాజిట్టు అందులో సర్దుతాం."

"నేను ఒక్క చుక్క నీళ్లు పడనివ్వలేదమ్మా! చూడండి, ప్లాస్టిక్ ఇంకా ఉంది. గుడ్డకి వేలి ముద్ర కూడా లేదు."

"ప్యాకింగు విప్పాలని వాడే పద్ధతిలో ఉంది సర్. క్లీనింగుకి వచ్చినవాళ్లని రానివ్వలేదని కూడా ఇక్కడ నమోదైంది."

"అది సలహా అమ్మా!"

"అగ్రిమెంటులో భాగం సర్."

తోంటదార్య గారు అగ్రిమెంటు కాగితాలు తీసి, ఆ చివరి పేజీ తిరగేశారు. ఆయన మొహం నాకు కొత్తగా ఉంది. బ్యూరెట్టు పగిలి అటెండరు ముందు నిలబడ్డ కుర్రాడి మొహం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, అలాంటి మొహంతో ఎన్నోసార్లు నిలబడ్డాను. ఆటపట్టించబుద్ధి కాలేదు.

"కొనుక్కుంటే?" అని నేనే అడిగాను.

"కొనుక్కుంటే డ్యామేజీ చార్జీ ఉండదు. యాప్‌లో చూపించిన ఎనిమిది వేలే, డిపాజిట్టు అందులో తగ్గిస్తాం. కానీ ఉన్నది ఉన్నట్టే. ఆ తర్వాత రిపేరు, మార్పిడి ఏదీ ఉండదు. ఇవాళ సాయంత్రంలోగా చెప్పాలి."

"తగ్గించరా? అందరికీ తగ్గిస్తారటగా?" అన్నారాయన. గొంతులో బేరం లేదు.

"డ్యామేజీ ఉన్నవాటికి తగ్గింపు లేదు సర్. సారీ."

ఫోను పెట్టేసింది. ఆవిడ గొంతులో కోపం కూడా లేదు. ఉంటే కనీసం ఎదురు తిట్టేవాళ్లం.

పాడైన సోఫాని ఇచ్చేయడానికి పద్నాలుగు వేలు, ఉంచుకోవడానికి ఎనిమిది వేలు. ఆయన కాగితం మీద రాసుకుని చూశారు. వేళ్ల మీద లెక్కపెట్టి చూశారు. ఎలా చూసినా ఒకటే వచ్చింది. చివరికి ఫోను నా చేతికిచ్చి, "నువ్వే నొక్కరా, నాకు కళ్లు ఆనట్లేదు" అన్నారు. కళ్లద్దాలు పెట్టుకునే ఉన్నారు.

నొక్కాను. డబ్బు వెళ్లింది. సోఫా మీ సొంతమైంది, అభినందనలు అని తెర మీద రంగురంగుల కాగితప్పువ్వులు రాలాయి.

"ఇప్పుడిది మనదేనా ఏమండీ?" అని హొన్నమ్మ గారు అడిగారు.

"మనదే."

ఆవిడ పాత దుప్పటి ఒకటి తెచ్చి పరిచి, నెమ్మదిగా కూర్చున్నారు. కింద ఏదో చెక్క విరిగిన చప్పుడైంది. ఆవిడ మోకాళ్లు గడ్డానికి అందేంత లోతుకి దిగిపోయారు. నేను చెయ్యి అందించబోతే వద్దని తల ఊపారు.

తోంటదార్య గారు నన్ను పక్కకి పిలిచారు. "రేవణా, బండి ఖాళీగానే ఉందిగా. దీన్ని ఎక్కడైనా దూరంగా పడేసి రాగలవా?"

"కుదరదు సార్. మీ పేరు మీదికి మారిపోయింది. కస్టమరు సొంత వస్తువు బండెక్కిస్తే నా ఉద్యోగం పోతుంది."

"పాత సామాన్లు కొనేవాడు?"

"బూజు పట్టినదాన్ని వాడు కొనడు సార్. తీసుకెళ్లాలంటే మనమే వాడికివ్వాలి."

ఆయన తలాడించారు. రెండేళ్లుగా దాచిన అగ్రిమెంటు కాగితాలు చేతిలోనే ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక గదంతా చూశారు. హొన్నమ్మ గారు కళ్లు మూసుకుని, చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, వెనక్కి వాలారు.

"కాస్త కిటికీ తెరవండి" అన్నారు.