నీటిబొట్లు నిలబడే కోటు

మైపాడు వనజాక్షి మా గొడుగుల గోడౌనులో చేరి రెండేళ్లయింది. నేను కింద మూటలు దించుతాను. ఆమె పైన కూర్చుని ప్రకటనల బొమ్మలు చేస్తుంది. ఏం కావాలో మాటల్లో రాస్తే కంప్యూటరే గీసిస్తుంది. చేపల పడవ మీద బతికే ఇంట్లో పుట్టి, రోజూ మైపాడు నుంచి బస్సులో నెల్లూరు వచ్చి ఆ పని నేర్చుకుంది.

వానలింకా మొదలు కాలేదు. కొత్త రెయిన్‌కోటు పోస్టరు బొమ్మ సాయంత్రానికి నచ్చకపోతే పని చెన్నై వాళ్లకిస్తానని యజమాని నరేంద్రబాబు చెప్పి వెళ్లాడు. మధ్యాహ్నం ఆమె నన్ను పైకి పిలిచింది.

"మామా, ఇది చూడు. ఎట్టుంది?"

బొమ్మలో అమ్మాయి పసుపు కోటు నల్లబడి, ఒంటికి అతుక్కుని ఉంది.

"ఏందమ్మే, కాలవలో పడి లేచినట్టుంది! ఇది చూసి కోటెవురు కొంటారు?"

"వానలో తడిసిన కోటు అని రాసినా. మా నాయన కోటు అట్నే నానిపోద్ది గదా."

"మీ నాయన కోటుకి పదేళ్లు! నీళ్లాపే పైపూత ఎప్పుడో పోయుంటుంది. కిందికి రా."

కొత్త మూట విప్పితే ఒక కోటు తీసి నీళ్లు పోసి చూడటం మా గోడౌనులో అలవాటు. కోటును కొక్కేనికి తగిలించి చెంబుడు నీళ్లు పోశాను. భుజం మీద బొట్లు ఉబ్బుగా నిలబడ్డాయి. కొన్ని ఆవగింజంత, కొన్ని బఠాణీ అంత. రెండు కలిసి బరువెక్కి మడత వెంట జారాయి. గుడ్డ రంగు మాత్రం మారలేదు. వనజాక్షి ఫోన్లో దగ్గరగా ఫోటోలు తీసుకుని, మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. నేనూ వెనకే వెళ్లాను.

ఈసారి 'తడిసిన' అన్న మాట కొట్టేసింది. గుడ్డ పొడిగా, అదే పసుపులో ఉండాలి. బొట్లు చిన్నా పెద్దా కలిసి, మడతల్లో జారుతూ, అంచు నుంచి కారాలి అని రాసింది. ఫోటో కూడా జత చేసింది. కోటు కుదిరింది. కానీ బొమ్మలో కాళ్ల కింద రోడ్డు ఎండాకాలంలో లాగా తెల్లగా ఉంది.

"పైన వాన, కింద ఎండా?" అన్నాను.

"ఉండు మామా, నాకు తెలుసులే."

తారు నల్లబడి మెరవాలి, గుంటల్లో పసుపు కోటు నీడ అలలతో చెదరాలి అని కలిపింది. మూడోసారికి వచ్చిన బొమ్మను చూసి కుర్చీలో వెనక్కి వాలింది.

సాయంత్రం నరేంద్రబాబు ముక్కు తెరకానించి భుజం దగ్గర బొట్లు చూశాడు.

"నీళ్లు లోపలికి పోలేదని కనపడతా ఉంది. ప్రింటుకి పంపించు. గొడుగు బొమ్మ కూడా నువ్వే చెయ్యి వనజాక్షీ."

నేను కిందికి దిగగానే ఆమె మెట్ల మీద నుంచి వంగి కేక వేసింది. "మామా, ఒక గొడుగు తెరిచి పెట్టు. చెంబు కాదు, ఈసారి బకెట్ తీసుకురా!"