కింద నుంచి రెండో అర

సూపర్ మార్కెట్‌లో అడుగుపెడితే నా చేతులు ఊరుకోవు. అరలో ముందు ప్యాకెట్ ఎవరైనా తీసుకెళ్లి ఖాళీ వదిలితే, వెనక దాన్ని ముందుకు లాగి, అంచుకు వరస కలిపి, వంకరగా ఉన్నదాన్ని నిలబెట్టేదాకా నాకు తోచదు. మా ఆయన నాకు పది అడుగుల దూరంలో బుట్ట పట్టుకుని, నేనెవరో తెలియనట్టు నిలబడతాడు. ఇరవై ఏళ్లుగా ఇదే నా జబ్బు, ఇదే నా బతుకుతెరువు కూడా.

కూర్మన్నపాలెంలో ఒక జెరాక్సు షాపు పైన నాకు చిన్న గది ఉంది. కవర్ల మీద బొమ్మలు వేస్తాను. వాటితో పాటు ఇంకో పని కూడా చేస్తాను. ఇంకా కొట్లోకి రాని సరుకు కొట్లో ఎలా కనబడుతుందో ముందే బొమ్మ కట్టి చూపిస్తాను. చుట్టూ వేరేవాళ్ల సరుకులు, మధ్యలో మనది, కింద ధర చీటీలు. ఆ బొమ్మ పట్టుకెళ్లి కొట్టువాళ్లను చోటు అడుగుతారు. నాకు కోపం ఎక్కువనీ, పని మాత్రం బాగా చేస్తాననీ ఊళ్లో పేరుంది. రెండూ నిజమే.

ఆ వేసవిలో మెట్లెక్కి ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. నీలం చీర, చేతిలో గుడ్డసంచి. కూర్చోమనకముందే కూర్చుని, సంచిలోంచి కిలో చోడి పిండి, అదే రాగి పిండి, ప్యాకెట్ తీసి నా బల్ల మీద పెట్టింది.

"చెల్లీ, నాను, ఇంకో ముగ్గురు ఆడోళ్లం కలిసి చోళ్లు ఆడిత్తన్నాం. సూపర్ మార్కెట్టాయన మనూరి సరుక్కి ఒక్కటంటే ఒక్క సోటు ఇత్తానన్నాడు. శుక్రోరం రమ్మన్నాడు. బొమ్మ అట్టుకురమ్మన్నాడు. ఇదిగాని పోతే మేం నలుగురం మళ్లీ ఇళ్లల్లో అంట్లు తోమడానికి పోవాల."

ఆమెను నేను మొదటి రోజునుంచీ అప్పా అనే పిలిచాను, అక్కను మా వైపు అలాగే అంటాం. ప్యాకెట్ రంగు చోళ్ల రంగే, ముదురు గోధుమ. ఆ రంగు తనే ఎంచుకుందట. "పిండి ఏ రంగో కవరూ ఆ రంగే. అబద్ధం ఆడకూడదు కదా" అంది.

అబద్ధం నేనాడాను. అప్ప మీద ఇష్టం కొద్దీ ఆడాను. ఆమె ప్యాకెట్‌ను కంటికెదురుగా ఉండే అరలో, సరిగ్గా నడుమ పెట్టాను. ముందు వరసలో కనబడే ప్యాకెట్లను మా పనిలో ఫేసింగ్ అంటారు. ఆమెకు పన్నెండు ఫేసింగులు ఇచ్చాను. పక్క సరుకులను మసకచేశాను. ధర చీటీలన్నీ ఒకటే అంకెతో, దండలో పూలలా సమానంగా గుచ్చాను. ప్యాకెట్ మీద వెలుగు పడేలా చేశాను. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు, ఇక్కడ కాకిని నేను.

అప్ప ఆ బొమ్మను దగ్గరికి తీసుకుంది. వేలితో ప్యాకెట్లను ఒక్కొక్కటే తాకింది. "ఇది మాదేనేటి?" అని కళ్లు తుడుచుకుంది. కింద షాపులో లామినేషన్ చేయించుకుని, వాళ్ల మిల్లులో పిండి మర పైన మేకుకు తగిలించింది. నాకు ఎంత గర్వమో.

శుక్రవారం తనతో రమ్మంటే వెళ్లాను. ఆ సూపర్ మార్కెట్‌కి సరుకులు ఎంచే పెద్దమనిషి గాజువాక కొట్టు వెనక చిన్న గదిలో కూర్చుంటాడు. మెత్తటి మనిషి. కళ్లజోడు పెట్టుకుని బొమ్మ చూశాడు. సొరుగులోంచి స్టీలు టేపు తీసి, అప్ప తెచ్చిన ప్యాకెట్‌ను కొలిచాడు.

"పదకొండంగుళాలు. నేనిచ్చే అర కింద నుంచి రెండోది. దాని ఎత్తు పదిన్నర. ఇది నిలబడదమ్మా, మెడ వంచుకోవాల. కొత్త సరుక్కి రెండు ఫేసింగులే ఇత్తాం. పంచదారకే ఆరిత్తన్నాను, మీకు పన్నెండెక్కడిది? ఇన్ని రకాలుంటే అన్నిటికీ ఒకటే రేటేటి?" అని బొమ్మను నెమ్మదిగా మా వైపు జరిపాడు. "ఇది పెళ్లి ఫొటోలా ఉంది. నాకు మామూలు రోజు ఫొటో కావాల. సోమారం తెండి. ఇంకో ఇద్దరు అడుగుతున్నారు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అయింది నా పని. అతని మీద మండిపడుతూ బయటికొచ్చాను. ఆటోలో అప్ప నా చేయి పట్టుకుని, "నీ తప్పేటుందే, పెద్ద పాకిట్టు సేయించింది నాను కాదేటి" అంది. అప్పుడు నా మీద నాకే కోపం వచ్చింది. బొమ్మ కట్టే ముందు టేపు పట్టుకుని ఆ కొట్టుకు వెళ్లాల్సింది నేను. ఇరవై ఏళ్ల అనుభవం ఉండి, ఇంట్లో కూర్చుని కొట్టును ఊహించాను.

మర్నాడు పొద్దున్నే అనుమతి అడిగి ఆ కొట్లో కూర్చున్నాను. పిండ్ల వరస కొలిచాను. మూడడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు, ఐదు అరలు. అన్నిటికన్నా కింద ఐదు కిలోల గోధుమపిండి సంచులు. దాని పైది మనకిస్తానన్న అర, సరిగ్గా మోకాలి ఎత్తులో. పై అర నీడ దాని సగం దాకా పడుతోంది. నిలబడి చూస్తే ప్యాకెట్ల ముఖాలకన్నా నెత్తులే ఎక్కువ కనబడుతున్నాయి. ప్యాకెట్‌కీ ప్యాకెట్‌కీ మధ్య వేలు దూరేంత సందు, అదీ అన్నిచోట్లా ఒకేలా లేదు. ధర చీటీ ప్రతి ప్యాకెట్ కిందా ఉండదు, ఆ రకం మొదలయ్యే ఎడమ అంచున ఒక్కటే ఉంటుంది. ఒక చీటీ చివర ముడుచుకుపోయి ఉంది. ఒకచోట ముందు ప్యాకెట్ ఎవరో తీసుకెళ్లారు. అక్కడ నల్లటి ఖాళీ, వెనక ఇంకో ప్యాకెట్ ముక్కు. చేయి అటు వెళ్లింది. వెనక్కి లాక్కుని ఫొటో తీసుకున్నాను.

ఆదివారం నాటికి ఉన్నదున్నట్టు కట్టాను. ఫ్లెక్సీ వేసే కుర్రాళ్ల దగ్గర అసలు కొలతకే వేయించి నా గది గోడకు అతికించాను. అప్పకు ఫోన్ చేశాను. మెట్లెక్కి వచ్చింది, అదే నీలం చీర. సరుకులు కొనేవాళ్లు నడిచే దూరంలో, నాలుగడుగుల అవతల నిలబెట్టాను.

అప్ప పై నుంచి కిందికి చూసింది. మళ్లీ చూసింది. గోడ దగ్గరికి ఒక అడుగు వేసి, చిన్నగా అడిగింది.

"మాదేదే చెల్లీ?"

రెండో అరలో, కుడి చివర, నీడలో, గోధుమరంగు ప్యాకెట్ల మధ్య గోధుమరంగు ప్యాకెట్లు రెండు, మెడలు వంచుకుని ఉన్నాయి. తన చేత్తో నింపిన ప్యాకెట్‌ను తనే కనిపెట్టలేకపోయింది. చివరికి గొంతుకూర్చుని వెతికితే దొరికింది. "ఇదా" అంది. అంతే. ఆ "ఇదా" వినలేక నేను కిటికీ దగ్గరికి వెళ్లిపోయాను. అప్పుడే ఏడ్చేశాను కూడా, దాచడం ఎందుకు.

అప్ప మాత్రం ఏడవలేదు. కూర్చున్న చోటునుంచే అంది: "ఎందుకే అలగ? కూకుంటే కనబడతంది కదా. మనోళ్లు చాలామంది ముసిలోళ్లు, కూకొనే సరుకు ఏరుకుంటారు. నిలబడినోళ్లకి కూడా కనబడాల, అంతే కదా నీ బాధ?"

లేచి, పైట కొంగు విప్పి, నాలుగు మడతలు పెట్టి ఆ రెండు ప్యాకెట్ల మీద అదిమిపట్టింది. "వెనక్కెళ్లి సూడు."

నాలుగడుగులు వెనక్కి వేశాను. గోధుమరంగూ తెలుపూ పసుపూ నిండిన ఆ గోడలో కంటికి మొదట తగిలింది ఆ నీలం కొంగే.

"తిండి వస్తువుకి నీలం పెట్టరు అప్పా" అన్నాను, చదువుకున్నదాన్ని కదా.

"పెట్టరు కాబట్టే కదే కనబడతంది!"

"పిండి రంగే కవరుకీ ఉండాలన్నావు. అబద్ధం ఆడకూడదన్నావు."

"నా సీర నీలమే, నాను అబద్ధమేటి?" అని పకపకా నవ్వింది. వాదనల్లో నన్ను ఓడించినవాళ్లు ఈ ఊళ్లో తక్కువ.

ఆ సాయంత్రమంతా ఇద్దరం కూర్చుని ప్యాకెట్ మార్చాం. నీలం కవరు, అరకిలో, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు, తనంతట తాను నిలబడేలా అడుగు వెడల్పు. పై అర నీడ పడని కింది సగంలో 'చోడి పిండి' అని పెద్ద అక్షరాలు. కాగితం మడిచి నమూనా ఒకటి చేశాం. బొమ్మలో చోటు మాత్రం మార్చలేదు. అదే రెండో అర, అదే కుడి చివర, రెండే ఫేసింగులు. పక్కవాళ్ల సరుకుల్లో ఒక్కదాన్నీ మసకచేయలేదు. చీటీ మీద మా ధర పక్కవాటికన్నా ఎక్కువే, అదీ అలాగే వేశాను. అప్ప బొమ్మను పట్టిపట్టి చూసి, "ఈ రెండిట్లో ఒకటి తీసీ" అంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. ముందున్న ఒకదాన్ని తీసేసి, ఆ చోట ఖాళీ, వెనకదాని ముక్కు గీశాను.

సోమవారం ఆ పెద్దమనిషి కళ్లజోడు పెట్టుకున్నాడు. టేపు తీశాడు. నమూనాను కొలిచి, టేపు సొరుగులో పెట్టేసుకున్నాడు. బొమ్మను చేయి చాచినంత దూరం పెట్టి చూశాడు.

"ఇది నా కొట్టే" అన్నాడు. తర్వాత వేలు పెట్టి, "రెండిత్తానంటే ఒకటి తక్కువ గీశారేటండి?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు అప్ప అందుకుంది. "తక్కువేటి బాబూ? ఒకటి ఎవులో కొనుక్కెళ్లిపోనారు."

ఆయన నవ్వాడు. మూడు నెలల పాటు ఉంచి చూస్తానని చోటిచ్చాడు.

తర్వాత ఒకసారి మిల్లుకు వెళ్తే, మర పైన పన్నెండు ప్యాకెట్ల పాత బొమ్మ అలాగే ఉంది, దాని పక్కనే కొత్తది. ఆ అబద్ధాన్ని తీసెయ్యమని పోట్లాడాను. "తియ్యను. అది నువ్వు నన్ను సూసినట్టు. ఉండనీ" అంది.

మొన్న సరుకులకని అదే కొట్టుకు వెళ్లాం. మా ఆయన యథాప్రకారం పది అడుగుల దూరంలో. పిండ్ల వరస దగ్గర గొంతుకూర్చున్నాను. కింద నుంచి రెండో అర, కుడి చివర, నీలం ప్యాకెట్ ఒకటి నిలబడి ఉంది. దాని పక్కన నల్లటి ఖాళీ, లోపల వెనకదాని ముక్కు.

అలవాటుగా చేయి వెళ్లింది, వెనకదాన్ని ముందుకు లాగి వరస కలపడానికి. లాగలేదు. ఆ ఖాళీని అలాగే వదిలేసి లేచాను.