నాలుగు నెలల ప్లానులో రెండు బస్తాలు

ప్లాను ఎక్సెల్‌లో వేశాను. మొదటి నెల హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్. రెండో నెల జావాస్క్రిప్ట్. మూడో నెల గిట్, రియాక్ట్. నాలుగో నెల సొంత ప్రాజెక్టులు, రెజ్యూమె, దరఖాస్తులు. పొద్దున ఒక పాఠం, మధ్యాహ్నం ఒక పాఠం, సాయంత్రం పునశ్చరణ. అయిపోయిన గడిని ఆకుపచ్చ చేయాలి. నేను చదివింది బీకాం కంప్యూటర్స్. పట్టికలు గీయడం నాకు బాగా వచ్చిన పని.

బోధన్‌లో ఉండే మా నాన్న, బాపు, ఒప్పుకున్నది ఆ నాలుగు నెలలకే. ఆలోపు వెబ్ డెవలపర్‌గా దారి దొరక్కపోతే, నిజామాబాద్ మార్కెట్ యార్డులో అక్క పనిచేసే, కమీషన్ మీద పంట అమ్మిపెట్టే అడ్తి దుకాణంలోనే నేనూ లెక్కలు రాయాలి. అక్క అక్కడ రైతులు తెచ్చిన పసుపు తూకాలు చిట్టాల్లో ఎక్కించేది. మేమిద్దరం టౌన్లో ఒక గది అద్దెకు తీసుకున్నాం. గది కిరాయి, నా స్టడీ హాల్ ఫీజు అక్క జీతంలోంచే. బాపును ఒప్పించిందీ అక్కే. అందుకే ఆ నాలుగు నెలలు సగం నావి, సగం ఆమె మాటవి.

మా కాలేజీలో నాకంటే ముందు చదివి, హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తున్న ఒక అన్నకు ప్లాను చూపించాను. రంగులు చూసి మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన ఫోన్లో పైకీ కిందికీ జరిపి, "తమ్మీ, గిండ్ల సూసుడే ఉన్నది. రాసుడేది?" అన్నాడు. వీడియో చూస్తూ పక్కన టైపు చేస్తాను కదా అన్నాను. అది రాయడం కాదని, వీడియో మూసేసి ఖాళీ ఫైల్ ముందు కూర్చోమని చెప్పాడు. తలూపాను. ప్లాను మాత్రం మార్చలేదు. ఖాళీ ఫైల్‌తో కూర్చుంటే రోజుకు ఒక గడి కూడా ఆకుపచ్చగా మారదు.

రెండో నెల చివరికి షీటు మడిలా పచ్చగా ఉంది. రాత్రి అన్నాలప్పుడు అక్క దాన్ని చూసేది. ఆ రంగులనే నమ్మి ఒకరోజు వాళ్ల దుకాణం యజమాని సేట్‌తో తన తమ్ముడు కంప్యూటర్‌లో పేజీలు చేస్తాడని చెప్పింది. బస్తాల తూకాలు కొడుతూ పోతే, సంచుల బరువు తీసేసి నికరం చూపే పేజీ ఒకటి చేయమను అన్నాడట సేట్. సంచికి కిలో చొప్పున తీసివేత. ఇంతకంటే చిన్న పని ఉండదు.

ఖాళీ ఫైల్ తెరిచి కూర్చున్నాను. ఒక్క వరుస రాలేదు. చివరికి నేను చూసిన పాఠంలోని బిల్లు పేజీని తెచ్చి, పేర్లు మార్చుకున్నాను. అందులో, పేజీ మీది పెట్టెలో కొట్టిన అంకెను ప్రతిచోటా Number అనే మాటతో చుట్టి ఉంది. ఎందుకో అర్థం కాలేదు. కాలేజీలో నేర్చుకున్న అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో అంకె కొడితే అది అంకే. దాన్ని మళ్లీ అంకె అని చెప్పడమెందుకు? అనవసరమనుకుని తీసేశాను. ఒక బస్తా యాభై రెండు కిలోలని కొట్టి చూశాను. కిలో పోయి యాభై ఒకటి వచ్చింది. సంతోషంగా లాప్‌టాప్ మూశాను.

మర్నాడు యార్డులో అక్క బల్ల మీదే లాప్‌టాప్ పెట్టాను. కమ్మర్‌పల్లి నుంచి పసుపు తెచ్చిన ఇద్దరు రైతులు, కాంటా దగ్గరి హమాలీలు చుట్టూ చేరారు. సేట్ స్వయంగా కొట్టాడు. మొదటి బస్తా యాభై రెండు. రెండోది నలభై తొమ్మిది. నికరం 5247 అని వచ్చింది.

సేట్ కళ్లద్దాలు సవరించుకున్నాడు. "రెండు బస్తాలకు యాభై రెండు క్వింటాళ్లా? గీ కాంటా నాకు ముందే దొరికితే యార్డు మొత్తం కొంటుంటి."

రైతుల్లో పెద్దాయన, "బిడ్డా, మా బస్తాలు గూడ దీన్లనే జోకు," అన్నాడు. అందరూ నవ్వారు. నేను మళ్లీ కొట్టాను. మళ్లీ అదే వచ్చింది. ఎక్కడ చూడాలో కూడా నాకు తెలియలేదు. కోడ్ తెరిచాను కానీ అది వేరేవాళ్ల ఇంట్లో దీపం స్విచ్ వెతికినట్టుంది.

అప్పుడు అక్క, నా వైపు చూడకుండా, "నెట్ సక్కగ లేదు సేట్. గందుకే," అంది.

ఆ పేజీకి నెట్‌తో పనిలేదు. ఆ మాట అక్కకు తెలుసో లేదో నాకు తెలియలేదు. నాకు మాత్రం తెలుసు. అయినా లాప్‌టాప్ సంచిలో పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి హమాలీలకు నేను 'యాభై క్వింటాళ్ల తమ్ముడు'ని.

కాలేజీ అన్నకు కోడ్ చూపించాను. తప్పెక్కడుందో ఆయన చెప్పలేదు. కూడిన మొత్తాన్ని, పెట్టెలోంచి వచ్చినదాన్ని వేర్వేరుగా, ఏది ఏ రకమో చెప్పే typeof పెట్టి కన్సోల్‌లో చూడమన్నాడు. పెట్టెలోంచి వచ్చింది అంకె కాదు, అక్షరాల వరుస. కూడిక గుర్తు అక్షరాల దగ్గర లెక్క కట్టదు, పక్కపక్కన అతికిస్తుంది. సున్నా పక్కన యాభై రెండు, దాని పక్కన నలభై తొమ్మిది. తీసివేత గుర్తు మాత్రం అక్షరాలను అంకెలుగా మార్చుకుని తీసేస్తుంది. అందుకే ఒక్క బస్తాతో సరిపోయింది. నేను పీకేసిన మాటే దానికి మందు.

అదే రోజు షీటులోని పచ్చ రంగంతా తుడిచేశాను. కొత్త ప్లానులో పొద్దున ఒక పాఠం, మిగతా రోజంతా వీడియో మూసేసి దాన్ని మొదటి నుంచి రాయడం. రాసినది కోడ్ దాచుకునే గిట్‌లో ఎక్కితేనే గడికి రంగు. రియాక్ట్ వెనక్కి జరిగింది. చాలా రోజులు గళ్లు తెల్లగానే ఉన్నాయి. అక్క షీటు చూసేది, ఏమీ అడిగేది కాదు. అడిగితే బాగుండేది.

నాలుగో నెల చివరికి దరఖాస్తులకు ఒక్క పిలుపూ రాలేదు. తూకం పేజీ మాత్రం మొదటి నుంచి నేనే రాశాను. అక్కతో కలిసి మళ్లీ యార్డుకు వెళ్లాను. సేట్ మర్చిపోలేదు. కావాలనే మళ్లీ యాభై రెండు, నలభై తొమ్మిది కొట్టాడు. తొంభై తొమ్మిది వచ్చింది. ఇంకో పది బస్తాల తూకాలు కొట్టాడు. పక్కన కాగితం మీద కూడుకున్నాడు. సరిపోయింది.

"గిప్పుడు నెట్ ఏడికెల్లి పెట్టినవ్?" అని అడిగాడు.

అక్క చేతిలోని చిట్టా కట్టను సర్దుతూ ఆగిపోయింది. ఫోన్ నా జేబులోనే ఉంది. లాప్‌టాప్ మూలన నెట్ లేదన్న గుర్తు సేట్‌కు కూడా కనిపిస్తోంది. పేజీ బాగా పనిచేసినందుకే అక్క ఆ రోజు చెప్పిన మాట అబద్ధమని తేలిపోయింది.

"దీనికి నెట్ అవసరం లేదు సేట్. అప్పుడు తప్పు రాసింది నేనే," అన్నాను.

సేట్ అక్క వైపు చూశాడు. అక్క చెవులు ఎర్రబడ్డాయి. ఎన్నేళ్లుగానో అదే బల్ల దగ్గర ఆమె చెప్పిన తూకాన్ని ఎవరూ రెండోసారి అడిగి ఎరగరు.

"తమ్ముని కోసం చెప్పినవ్. సరే," అన్నాడు సేట్. "రైతు ముంగట మాత్రం చెప్పకు."

పేజీ ఈ సీజన్‌కు వాడుకుంటానన్నాడు. మధ్యాహ్నం నుంచి కాంటా దగ్గర నన్నే కూర్చోమన్నాడు. పొద్దునపూట నేను చదువుకోవడానికి అక్క బాపుకు ఫోన్ చేసి ఇంకో రెండు నెలలు అడిగింది. మళ్లీ తన మాట మీదే. ఏమని అడిగిందో నేను వినలేదు. కాంటా అవతల కూర్చుని బస్తాల తూకాలు కొడుతున్నాను. యాభై క్వింటాళ్ల తమ్ముడు వచ్చిండని హమాలీలు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.