పద్నాలుగు నుంచి నాలుగున్నర దాకా

మా నాన్న పలాస రైల్వే స్టేషన్లో పనిచేసి రిటైరయ్యారు. ఆయన నోట సాయంత్రం ఆరు అన్న మాట నేనెప్పుడూ వినలేదు, పద్దెనిమిది గంటలే. ఆ ఇంట్లో పెరిగిన నాకు టైము అడ్డదిడ్డంగా రాస్తే ఒళ్లు మండుతుంది. పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా మీటింగైతే 11:30 am – 1:00 pm అని రాయాలి, లేదా 11:30–13:00 అని రాయాలి. రెండు పద్ధతులూ మంచివే. ఒకే మెయిల్లో రెండూ కలిపితేనే నాకు గొడవ.

టెక్కలి దగ్గర ఓ ఇంజనీరింగ్ కాలేజీలో, ప్లేస్‌మెంట్ ఆఫీసులో నేను అసిస్టెంటుని. మా ఆఫీసరుగారు చెడ్డవారు కాదు. పిల్లల ఉద్యోగాల కోసం కంపెనీల చుట్టూ కాళ్లరిగేలా తిరుగుతారు. మెయిల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం చేతికేది తగిలితే అది కొట్టేస్తారు. బెంగళూరు కంపెనీ ఒకటి ఆన్‌లైన్ ఇంటర్వ్యూల టైములు పంపితే, వాటిని తన ధోరణిలో తిరిగి టైపుచేసి పిల్లలకు పంపారు. బుధవారం టెక్నికల్ రౌండు: 14:00 – 4.30. గురువారం హెచ్చార్ రౌండు: 6 – 7.

నాకూ ఒక కాపీ వచ్చింది. చూడగానే ఆయన గదిలోకి వెళ్లాను.

"సార్, ఈ పద్నాలుగేంటి, పక్కన నాలుగున్నరేంటి? ఏదో ఒక పద్ధతిలో రాసి మళ్లీ పంపించండి."

ఆయన నవ్వేశారు. "సదువుకున్న పిల్లలమ్మా, ఆ మాత్రం తెలీదేటి? నీకు మీ నాన్న పోలికే వచ్చీసింది."

కంపెనీ పంపిన అసలు మెయిల్ ఆయన దగ్గరే ఉంది. నాకు పంపలేదు. పద్నాలుగు పక్కన నాలుగున్నర అంటే సాయంత్రం నాలుగున్నరే కదా, కాబట్టి ఆరు కూడా సాయంత్రం ఆరే అనుకున్నాను. పిల్లలూ అదే అనుకున్నారు.

బుధవారం రౌండు దాటి మా కాలేజీ నుంచి ఒక్క అమ్మాయే మిగిలింది. మందస పక్క పల్లెటూరు. తల్లి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి పనికి వెళ్తుంది. తండ్రికి కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉన్నాడు. ఆ ఏడాది మా కాలేజీకి ఇంక వచ్చే కంపెనీ లేదు. ఇది పోతే ఆ పిల్ల కూడా తల్లి వెంట ఫ్యాక్టరీకే పోతుందని మా అందరికీ తెలుసు.

గురువారం పొద్దున్నే నేను పాలు కాస్తుంటే సార్ ఫోను. గొంతులో నవ్వు లేదు.

"అమ్మా, ఆ పిల్ల జాయినవలేదంట. కంపెనీవోలు ఇప్పుడే ఫోన్ సేసినారు. ఏడింటికి కట్టేత్తారు. నువ్వు ఓపాలి ఆ పిల్లకి ఫోన్ సెయ్యి."

"ఏడింటికా? సాయంత్రం కదా సార్?"

"పొద్దున్నేనమ్మా. ఇంటర్వ్యూ సేసేటోడు ఏదో దేశంలో ఉన్నాడంట, ఆడికి ఈ టైమే కుదురుద్దంట."

గోడ మీద గడియారం అప్పటికే ఆరున్నర దాటింది. ఆ పిల్లకు ఫోను చేస్తే రింగవుతోంది గానీ ఎత్తడం లేదు. మళ్లీ చేశాను, మళ్లీ చేశాను. ఏడు వరకూ అన్నారు కదా, చివరి పది నిమిషాలు దొరికినా చాలని దేవుళ్లందరికీ మొక్కాను. పాలు పొంగిపోయి స్టవ్ ఆరిపోయింది. చివరికి ఎత్తింది. వెనక బస్సు హారన్.

"మేడమ్, నాన్నని డయాలసిస్‌కి తీసుకెల్తన్నానండి. ఫోను సంచిలో ఉండిపోనాది. ఏటండి?"

చెప్పాను.

"సాయంత్రం కదండి మేడమ్? మెయిల్లో పద్నాలుగు తరవాత నాలుగున్నరే ఉన్నాది కదండి?"

ఆ ఊగే బస్సులోనే లింకు తెరవమన్నాను. తెరిచింది. సిగ్నల్ లేదు, తిరుగుతూనే ఉంది. దొరికేసరికి మీటింగు అయిపోయిందని చూపించింది.

ఆఫీసుకు వెళ్తూనే కంపెనీకి పంపాల్సిన మెయిల్ రాశాను. టైము మా వైపు నుంచి తప్పుగా వెళ్లిందని, అమ్మాయి తప్పు లేదని, దయచేసి ఇంకో టైము ఇవ్వమని. సార్‌కి చూపించాను. ఆయన చదివి, తల గోక్కుని, తప్పు మనదన్న వాక్యం తీసేశారు. "వ్యక్తిగత కారణాల వల్ల అభ్యర్థి రాలేకపోయింది" అని పెట్టి, కంపెనీ పాత మెయిల్‌కే జవాబుగా పంపేశారు. కాపీ నాకూ వచ్చింది.

"అదేంటి సార్!"

"కాలేజీ పేరు పోద్దమ్మా. రేపు ఎవలొత్తారు మనకాడికి?"

అప్పుడు ఊరుకున్నాను. ముందు టైము దొరకాలి. మధ్యాహ్నానికి జవాబొచ్చింది, ఈ రోజే 17:30–18:00 అని. ఈసారి కంపెనీ బెంగళూరు ఆఫీసులో ఉన్న ఒకావిడ మాట్లాడుతుందట. ఆ పిల్లకు నేనే రాశాను: ఈరోజు గురువారం, 5:30 pm – 6:00 pm, కంపెనీ మెయిల్లో 17:30–18:00 అని ఉన్నది ఇదే. రాసి ఊరుకోకుండా ఫోనుచేసి చదివించి విన్నాను.

తండ్రిని తల్లికి అప్పగించి, నాలుగింటికే టెక్కలి వచ్చేసింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదని మొహమే చెబుతోంది. బిస్కెట్లు ఇస్తే చేతిలోనే పట్టుకుంది. ల్యాబులో కూర్చోబెట్టి తలుపు వేసి, అద్దంలోంచి చూస్తూ వరండాలో నిలబడ్డాను. బాగానే మాట్లాడుతోంది. ఉన్నట్టుండి తల దించుకుంది. చాలాసేపు ఎత్తలేదు.

బయటికొచ్చాక అడిగాను, "తల దించుకున్నావేం?"

"పొద్దున్న ఎందుకు రాలేదని అడిగినారండి. నాదే తప్పు, టైము సూసుకోలేదని సెప్పీసినానండి."

"నీదా? నీదెలా అవుతుందే?"

"కాలేజీది తప్పంటే మనోలని మల్లా పిలుత్తారేటండి? మా సెల్లి వచ్చే ఏడు ఫైనలియరండి."

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆ పిల్లను బస్సెక్కించి, తిరిగొచ్చి నా సీట్లో కూర్చున్నాను. పొద్దున్న సార్ పంపిన జవాబు కిందే కంపెనీ అసలు మెయిల్ ఉంది, అందులో 06:00–07:00 అని సున్నాతో సహా స్పష్టంగా ఉంది. దాని కింద, పిల్లలకు మేము పంపిన మెయిల్ అతికించాను. పైన నాలుగు ముక్కలు రాశాను. ఈ రెండూ పక్కపక్కన చూడండి, 14:00 – 4.30 అని ఉన్న మెయిల్లో 6 – 7 అంటే ఎవరైనా సాయంత్రమనే చదువుతారు, తప్పు మాది, ఆ అమ్మాయి మా కోసం తన మీద వేసుకుంది. సార్‌ని కాపీలో పెట్టాను. పంపేశాను.

రెండు నిమిషాల్లో సార్ వచ్చి నా బల్ల ముందు నిలబడ్డారు. మొహం ఎర్రగా ఉంది.

"ఏటి సేసినావో తెలుస్తన్నాదా?"

"తెలుసు సార్."

ఆయన వెనక్కి తిరిగి, తలుపు దగ్గర ఆగి, లైటు ఆర్పి వెళ్లమన్నారు.

మర్నాడు పదింటికి బెంగళూరు నుంచి ఆవిడే ఫోను చేసింది. "నిన్న ఆ అమ్మాయిని పక్కన పెట్టేశామండి. టైము చూసుకోని మనిషి మాకెందుకనుకున్నాం. మీ మెయిల్ చూశాక మళ్లీ లిస్టు తెరిచాం," అంది. ఆఫర్ లెటరు మధ్యాహ్నానికి పంపుతామని చెప్పి పెట్టేసింది.

ఆ పిల్లకు ఫోను చేశాను. తల్లి ఎత్తింది. కూతురు తండ్రికి అన్నం పెడుతోందట. విషయం చెబితే ఆవిడ కూతుర్ని పిలవలేదు. ఫోను చేతిలో పట్టుకునే ఏడుస్తోంది. నేనూ పెట్టెయ్యలేకపోయాను.